సీసా ఒకటే, వాసనలు రెండు

చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణంలోకి అక్కాచెల్లెళ్లు ఇద్దరు వెళ్లారనుకుందాం. దుకాణదారు ఒకే సీసాలోంచి ఇద్దరి మణికట్లకూ చిన్న గీత గీస్తాడు. అక్క చేతి మీద మల్లె నిండుగా విచ్చుకుంటుంది. చెల్లెలి చేతి మీద అదే మల్లె కాసేపు మెరిసి, ఇంటికి చేరేసరికి అడుగున ఉన్న చందనం మాత్రమే మిగులుతుంది. సీసాలో తేడా లేదు. సీసా దాటాక సుగంధం ఏ వేగంతో, ఏ వరుసలో గాలిలోకి వెళ్లిందన్నదే తేడా.

పర్ఫ్యూమ్ అంటే ఒక్క వాసన కాదు, పదుల కొద్దీ సుగంధ పదార్థాల మిశ్రమం. నిమ్మ, నారింజ వాసనలనిచ్చేవి తేలికైనవి, నిమిషాల్లో ఎగిరిపోతాయి. పూల వాసనలు గంటా రెండు గంటలు నిలుస్తాయి. చందనం, కస్తూరి లాంటివి బరువైనవి కాబట్టి చివరిదాకా ఉంటాయి. స్ప్రేలో ఎక్కువ భాగం ఆల్కహాలే, అది ఆరిపోయాక సుగంధం చర్మానికి దక్కుతుంది. సంప్రదాయ అత్తరులో ఆల్కహాలు ఉండదు. పూల వాసనను చందన తైలంలోనే పట్టి ఉంచుతారు. అది నెమ్మదిగా విడుదలయ్యేది అందుకే.

ఆ తైలం చేసే పనినే చర్మపు జిడ్డు కూడా చేస్తుంది. సుగంధ పదార్థాల్లో చాలావాటికి నీటికన్నా నూనె అంటే ఇష్టం. జిడ్డు చర్మం మీద అవి ఆ పొరలో కరిగి, కొంచెం కొంచెంగా బయటికొస్తాయి. పొడిచర్మం మీద పట్టి ఉంచే పొర పలచన, అందుకే తేలికైనవి తొందరగా వెళ్లిపోయి బరువైనవే మిగులుతాయి. చెల్లెలికి జరిగింది ఇదే.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు ముంజేతులనూ మామూలు నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. ఒక చేతికి మాత్రం వాసన లేని వాజలిన్ పలచగా పూసి, రెండింటి మీదా ఒక్కో స్ప్రే చేసి, పది నిమిషాలకూ గంటకూ నాలుగు గంటలకూ వాసన చూడాలి. మనిషి ఒక్కరే, ఆహారం ఒక్కటే, శరీరపు వేడి ఒక్కటే. కాబట్టి కనిపించే తేడా చాలావరకు ఆ జిడ్డు పొరదే. ముఖం మీద జిడ్డు గ్రంథులు ఎక్కువ, ముంజేతి మీద తక్కువ అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒకే మనిషి మీద కూడా మెడ దగ్గరి వాసన, చేతి మీది వాసన ఒకటి కాకపోవడానికి అదీ ఒక కారణం.

వేడి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చర్మం పైభాగం మామూలుగా 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఏసీ గదిలో మణికట్టు చల్లబడుతుంది, ఎండలోకి వస్తే వేడెక్కుతుంది. పది డిగ్రీలు పెరిగితే చాలా సుగంధ పదార్థాలు ఆవిరయ్యే జోరు సుమారు రెట్టింపవుతుంది. చల్లటి దుకాణంలో మృదువుగా తోచిన పర్ఫ్యూమ్ మే నెల విజయవాడ ఎండలో ఒక్కసారిగా ఘాటెక్కి, తొందరగా కరిగిపోయేది అందుకే. కొందరికి చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి, కొందరికి వెచ్చగా. ఆ తేడా చాలు, వరుస మారడానికి.

చర్మపు పీహెచ్‌కు మాత్రం దాని వాటాకు మించిన పేరొచ్చింది. ఆరోగ్యకరమైన చర్మం కాస్త ఆమ్లంగా, 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. ఆ కొద్దిపాటి ఆమ్లానికి సుగంధ పదార్థాల్లో ఎక్కువ భాగం చలించవు. పీహెచ్ ప్రభావం ముఖ్యంగా పక్కదారిలో వస్తుంది. చర్మం మీద ఏ బ్యాక్టీరియా పెరగాలో అది కొంతవరకు నిర్ణయిస్తుంది, చెమటకు వాసన తెచ్చేది ఆ బ్యాక్టీరియా. సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. స్నానం చేసిన వెంటనే పూసుకుంటే వాసన వేరుగా తోచడానికి నిందను పీహెచ్ మీద వేస్తారు గానీ, సబ్బు కడిగేసిన జిడ్డుకే అందులో పెద్ద వాటా ఉంటుంది.

తిండి కూడా పర్ఫ్యూమ్‌ను ముట్టుకోదు, దాని కింద ఉన్న ఒంటి వాసనను మారుస్తుంది. మెంతులు బాగా తిన్నవారి చెమటలో బెల్లం పాకంలాంటి తీపి వాసన వస్తుంది, మెంతుల్లోని సోటోలోన్ అనే పదార్థం వల్ల. చెక్ పరిశోధకుడు యాన్ హావ్లిచెక్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో 17 మంది పురుషులు రెండు వారాలు మాంసంతో, మరో రెండు వారాలు మాంసం లేకుండా తిన్నారు. వారి చంకల్లో ఉంచిన దూదిని వాసన చూసిన స్త్రీలకు మాంసం లేనప్పటి వాసనే హాయిగా అనిపించింది. వెల్లుల్లి విషయంలో అనుకోని ఫలితమొచ్చింది. 12 గ్రాములు తిన్నవారి ఒంటి వాసనే మెరుగ్గా తోచింది. నోటి వాసన వేరు, ఒంటి వాసన వేరు. ప్రాగ్‌లోనే జరిగిన మరో పరిశోధన 2012లో వచ్చింది. ఒక మనిషి తనకు తానుగా ఎంచుకున్న పర్ఫ్యూమ్ తన ఒంటి వాసనతో కలిసినప్పుడు, ఇతరులు ఇచ్చిన పర్ఫ్యూమ్‌తో కలిసినప్పటికన్నా బాగుందని వాసన చూసినవారు చెప్పారు.

తేడా కొన్నిసార్లు చర్మానిది కాదు, ముక్కుది. పూసుకున్నవారి ముక్కు కాసేపటికే ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. కొన్ని కస్తూరి పదార్థాలైతే కొందరి ముక్కుకు అసలు అందవు. అందుకే ఇద్దరి చేతులతో పాటు ఒక కాగితపు పట్టీ మీద కూడా స్ప్రే చేసి, మూడింటినీ మూడో మనిషికి ఇవ్వాలి. ఆ మనిషికి రెండు చేతులూ ఒకేలా వాసనొస్తే, అక్కాచెల్లెళ్ల వాదన చర్మం గురించి కాదు, వారి ముక్కుల గురించే.