గాబాపెంటిన్: మూత్రపిండాలు మందగించినప్పుడు

నరాల నొప్పికి, మూర్ఛకు వాడే గాబాపెంటిన్‌ను కాలేయం దాదాపు ముట్టుకోదు. రక్తంలో చేరిన మందు రూపం మారకుండా మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. మూత్రపిండాల జబ్బులో మందుల నడకపై వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించే ఫార్మసిస్టుకు ఇంతకంటే తేటైన ఉదాహరణ అరుదు.

ప్రధాన అధ్యయనంలో 60 మందికి 400 మిల్లీగ్రాముల మోతాదు ఒక్కసారి నోటి ద్వారా ఇచ్చారు. క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 60 మిల్లీలీటర్లు దాటినవారిలో రక్తంలోని మందు సగమయ్యేందుకు, అంటే అర్ధాయువుకు, సుమారు 6.5 గంటలు పట్టింది. 30 కంటే తక్కువ ఉన్నవారిలో 52 గంటలు పట్టింది. రక్తం నుంచి మందు తొలగే వేగం 190 నుంచి 20 మిల్లీలీటర్లకు, అందులో మూత్రపిండాల ద్వారా తొలగేది 90 నుంచి 10కి పడిపోయింది.

అన్నీ మూత్రపిండాలే తొలగిస్తుంటే 190 ఎక్కడిది, 90 ఎక్కడిది? సమీక్షకుడు ఆగి చూడాల్సిన చోటు ఇదే. మొదటి అంకె మింగిన మోతాదంతా రక్తంలో చేరిందని అనుకుని కట్టినది. నిజానికి పేగు పీల్చుకునేది సుమారు సగమే. రెండు గుంపుల్లోనూ నిష్పత్తి దాదాపు సగమే కాబట్టి జబ్బు వల్ల పీల్చుకోవడం పెద్దగా మారలేదని, తగ్గినది విసర్జనేనని తెలుస్తుంది. అయితే మోతాదు పెరిగేకొద్దీ పేగు పీల్చుకునే శాతం పడిపోతుంది: రోజుకు 900 మిల్లీగ్రాములకు 60 శాతం, 4800కు 27 శాతం. కాబట్టి వేర్వేరు మోతాదులతో చేసిన అధ్యయనాల అంకెలను పట్టికలో పక్కపక్కన పెట్టి పోల్చితే పొరపాటే.

రక్త నమూనాలు ఎన్ని గంటల వరకు తీశారో కూడా రాసుకోవాలి. అర్ధాయువు 52 గంటలైన రోగిలో ఒక రోజుతో ఆపేసిన అధ్యయనం దాన్ని సరిగా కొలవలేదు. అలాంటి రోగిలో మందు మట్టం స్థిరపడేందుకు ఐదు అర్ధాయువులు, అంటే దాదాపు 11 రోజులు కావాలి. మోతాదు పెంచాక రెండు రోజులు మత్తు కనబడలేదని నిశ్చింతగా ఉండడం ప్రమాదమే.

మూత్రమే రాని 11 మందిలో డయాలిసిస్ లేని రోజుల్లో అర్ధాయువు సుమారు 132 గంటలు; డయాలిసిస్ జరుగుతుండగా 3.8 గంటలు. ఈ రెండింటినీ కలిపి సగటు తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. డయాలిసిస్ ముగిశాక అదనపు మోతాదు ఎందుకివ్వాలో చెప్పేది ఈ తేడాయే.

పట్టిక వాడకంలో ఎలా పనికొస్తుందో చూద్దాం. 60 ఏళ్లు, 60 కిలోలు, రక్తంలో క్రియాటినిన్ 2 ఉన్న మహిళకు కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క ఇలా:

```
(140 − 60) × 60 ÷ (72 × 2) × 0.85 = 28.3
```

15–29 మధ్య ఉన్నవారికి మందు లేబుల్ సూచించేది రోజుకు ఒకేసారి 200 నుంచి 700 మిల్లీగ్రాములు. మూత్రపిండాలు బాగున్నవారికి అది 900 నుంచి 3600, మూడు విడతలుగా. ఈ మహిళ అంకె 30 గీతకు అతి దగ్గర. క్రియాటినిన్ కాస్త తగ్గితే ఆమె పై వరుసలోకి వెళుతుంది, కాబట్టి ఒక్క రిపోర్టుతో మోతాదు ఖాయం చేయకూడదు.