క్లోబెటసాలా, క్లోట్రిమజోలా?

ఎండలు ముదిరి ఒంటిమీద చెమట ఆరని రోజులు వచ్చాయంటే కోస్తా జిల్లాల మెడికల్ షాపులకు ఒక బేరం ఖాయం. మగవాళ్లయితే గజ్జల్లో, ఆడవాళ్లయితే లంగా నాడా బిగించే చోట నడుము చుట్టూ గుండ్రటి మచ్చలు లేస్తాయి. అంచులు ఎర్రగా ఉబ్బుతాయి, రాత్రిళ్లు దురద నిద్ర పట్టనివ్వదు. తామర అని అందరికీ తెలుసు. దానికి డాక్టరు దాకా ఎందుకనుకుని షాపుకు వెళ్లి, కాస్త గొంతు తగ్గించి, "తామరకి మంచి క్రీము ఏదైనా ఇవ్వండి" అంటారు. కౌంటరు అవతలి మనిషి ఆలోచించకుండా ఒక ట్యూబు తీసి ఇస్తాడు. ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరును అడిగినా చాలాసార్లు అలాంటి ట్యూబే చేతికొస్తుంది.

రాసుకున్న రెండో రోజుకే దురద పోతుంది, నాలుగో రోజుకు ఎరుపు చల్లారుతుంది. మందు భలే పనిచేసిందని ట్యూబు పక్కన పడేస్తారు. రెండు వారాలు తిరగకుండా మచ్చ మళ్లీ లేస్తుంది, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. మళ్లీ అదే ట్యూబు, మళ్లీ అదే ఉపశమనం. ఇలా ఏడాది గడిపిన వాళ్లు చర్మ డాక్టర్ల దగ్గర క్యూలో కనిపిస్తూనే ఉంటారు. అసలు సంగతి ఆ ట్యూబు మీదే, పెద్దక్షరాల పేరు కింద చీమల బారులాంటి సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది.

"కాంపొజిషన్" అన్న మాట కింద ఇలాంటి ట్యూబుల్లో సాధారణంగా కనిపించే వరసలు ఇవి: క్లోబెటసాల్ ప్రొపియొనేట్ 0.05 శాతం, నియోమైసిన్ సల్ఫేట్ 0.5 శాతం, మైకొనజోల్ నైట్రేట్ 2 శాతం. వాటి కింద ప్రిజర్వేటివ్‌గా క్లోరోక్రెసాల్, ఆ తర్వాత క్రీము బేస్. పేర్ల పక్కన ఐ.పి. అని ఉంటే ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణాల ప్రకారం తయారైందని అర్థం. ప్రిజర్వేటివ్ అన్నది క్రీము చెడకుండా కలిపేది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మిగిలిన మూడూ మూడు వేరు వేరు పనులు చేసే మందులు. మొదటిది స్టెరాయిడ్, రెండోది బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్, మూడోది ఫంగస్‌ను అణిచే మందు. తామర ఫంగస్ వల్ల వచ్చేది కాబట్టి ఈ మూడింట్లో రోగికి పనికొచ్చేది చివరిదొక్కటే.

శాతాలు చూసి మోసపోయేది ఇక్కడే. 15 గ్రాముల ట్యూబులో 2 శాతం మైకొనజోల్ అంటే 300 మిల్లీగ్రాములు. 0.05 శాతం క్లోబెటసాల్ అంటే ఏడున్నర మిల్లీగ్రాములు, అందులో నలభయ్యో వంతు. చూసేవాళ్లకు స్టెరాయిడ్ ఏదో చిటికెడు కలిపారనిపిస్తుంది. కానీ పైపూత స్టెరాయిడ్లలో అత్యంత బలమైన వర్గానికి చెందింది క్లోబెటసాల్. 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము కన్నా 0.05 శాతం క్లోబెటసాల్ క్రీము ఎన్నో రెట్లు తీవ్రమైంది. మందు బలం దాని రసాయనంలో ఉంటుంది తప్ప శాతం అంకెలో ఉండదు. రెండో రోజుకే దురద పోయిందంటే అది ఆ ఏడున్నర మిల్లీగ్రాముల పనే.

పేర్లు పలకడానికే నోరు తిరగనప్పుడు ఏది ఏ జాతిదో తెలిసేదెలా? మొదటి అక్షరాలు చూస్తే లాభం లేదు. క్లోబెటసాల్ స్టెరాయిడ్, క్లోట్రిమజోల్ ఫంగస్ మందు, ప్రిజర్వేటివ్ క్లోరోక్రెసాల్. మూడూ "క్లో" అనే మొదలవుతాయి. పేరు చివర చూడాలి. "సోన్" అని ముగిస్తే స్టెరాయిడ్: బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూటికసోన్, హైడ్రోకార్టిసోన్. "టసాల్" అన్నా అంతే, క్లోబెటసాల్, హాలోబెటసాల్ ఆ కోవలోవే. "ఒలోన్" అంటే ఫ్లూసినొలోన్, ట్రైయామ్సినొలోన్. పేరు వెనక ప్రొపియొనేట్, వాలరేట్, ఫ్యూరోయేట్, ఎసిటొనైడ్ లాంటి తోక ఉంటే ఈ క్రీముల్లో అది దాదాపుగా స్టెరాయిడే అనుకోవచ్చు.

ఫంగస్ మందుల్లో ఎక్కువ భాగం "జోల్" మీద ముగుస్తాయి: క్లోట్రిమజోల్, మైకొనజోల్, కీటోకొనజోల్, లులికొనజోల్. టెర్బినఫిన్, అమోరాల్ఫిన్, సైక్లోపిరాక్స్ ఆ వరసలో లేకపోయినా ఫంగస్ మందులే, వీటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. యాంటీబయాటిక్‌ల చివర "మైసిన్", "మిసిన్", "ఫ్లాక్ససిన్" వినిపిస్తాయి: నియోమైసిన్, క్లిండమైసిన్, జెంటామిసిన్, నాడిఫ్లాక్ససిన్. చీము పట్టిన పుండ్లకు డాక్టర్లు తరచుగా రాసే ముపిరోసిన్, ఫ్యూసిడిక్ యాసిడ్ కూడా యాంటీబయాటిక్‌లే. ఒక తిరకాసు ఉంది. ఆర్నిడజోల్, మెట్రోనిడజోల్ కూడా "జోల్" తోనే ముగుస్తాయి, అవి మాత్రం ఫంగస్ మందులు కావు. "జోల్"కు ముందు "నిడ" వినిపిస్తే అది కొన్ని రకాల బ్యాక్టీరియా, అమీబా లాంటి సూక్ష్మజీవుల మీద పనిచేసే మందు. తామర మీద దాని ప్రభావం ఏమీ ఉండదు.

బ్రాండు పేరు తెలిస్తే చాలదా అంటే, చాలదు. క్యాండిడ్ క్రీములో ఉన్నది క్లోట్రిమజోల్ ఒక్కటే. పక్కన ఒక్క "బి" చేరితే, అంటే క్యాండిడ్-బి అయితే, క్లోట్రిమజోల్‌కు బెక్లోమెథసోన్ తోడవుతుంది. తెలుగు ఇళ్లలో "బెట్నోవేట్" అంటే మొటిమల నుంచి మంగు దాకా అన్నిటికీ రాసే క్రీము అన్నంతగా పేరుపడింది, నిజానికది బెటామెథసోన్ వాలరేట్ అనే స్టెరాయిడ్. వెనక "ఎన్" ఉంటే నియోమైసిన్, "జి.ఎం." ఉంటే జెంటామిసిన్, మైకొనజోల్ కలిసినట్టు. తోక అక్షరం మారిందంటే మందే మారిపోయిందన్న మాట. పొరుగింటివాళ్లు చెప్పిన పేరు గుర్తుపెట్టుకుని షాపుకు వెళ్లేవాళ్లు ఆ తోకను దారిలోనే మర్చిపోతుంటారు!

ఇంతకీ తామర మీద స్టెరాయిడ్ పడితే ఏమవుతుంది? తామర ఫంగస్ చర్మం పై పొరలోని కెరటిన్‌ను తిని బతుకుతుంది. దాన్ని తరిమెయ్యడానికి శరీరం చేసే పోరాటమే మనకు ఎరుపుగా, దురదగా కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. దొంగ ఇంట్లో ఉండగానే కుక్క నోరు కట్టేసినట్టు, బయటికి అంతా సద్దుమణుగుతుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పాకుతుంది. పక్కన ఫంగస్ మందు ఉంది కదా అని అడగొచ్చు. ఫంగస్‌ను పూర్తిగా అణచడానికి వారాలు పడుతుంది, దురద రెండు రోజుల్లో పోతుంది. దురద పోగానే జనం రాయడం ఆపేస్తారు కాబట్టి ఆ మందుకు పని పూర్తిచేసే వ్యవధే దొరకదు.

ఇలా పెరిగిన తామర రూపం కూడా మారిపోతుంది. అంచు చెరిగిపోతుంది, పొట్టు తగ్గుతుంది, ఒక్కోసారి వలయంలో వలయంలా రెండు మూడు గీతలు కనిపిస్తాయి. ఈ మారువేషాన్ని 1968లోనే ఐవ్, మార్క్స్ అనే బ్రిటిష్ డాక్టర్లు వర్ణించి "టీనియా ఇన్‌కాగ్నిటో" అని పేరు పెట్టారు. చూడగానే తామర అని చెప్పలేక అనుభవం ఉన్న డాక్టరు కూడా తడబడే రూపం ఇది. తొడల మడతల్లో చర్మం పలుచన కాబట్టి మందు అక్కడ ఎక్కువగా ఇంకుతుంది. నెలల తరబడి రాస్తే గర్భిణుల పొట్టమీద చారల్లాంటివి గజ్జల్లో పడతాయి. తామర తగ్గినా ఆ చారలు పూర్తిగా పోవు. మొహానికి రాసేవాళ్ల పరిస్థితి ఇంకో రకం: చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి, క్రీము ఆపితే మంట పుట్టి మళ్లీ దాన్నే వెతుక్కునేలా చేస్తుంది. అలా అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానకుండా డాక్టరు సలహాతో మానాలి.

ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. 2018 మార్చిలో 14 స్టెరాయిడ్ పైపూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ కింద చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధిస్తే అందులో ఇలాంటి చర్మపు క్రీములు కూడా ఉన్నాయి. అయినా నిషేధం పడని కలయికలు షాపుల్లో ఉన్నాయి, చీటీ అడిగే షాపులు తక్కువే. అట్టపెట్టె మీద ఆర్.ఎక్స్. గుర్తు, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక కనిపిస్తే అది కౌంటరు మీద చేతులు మారాల్సిన సరుకు కాదు. కానీ ఆ గుర్తు కొన్ని యాంటీబయాటిక్‌ల మీదా ఉంటుంది కాబట్టి గుర్తు చూసి ఆగిపోకుండా పదార్థాల పేర్లు చదవక తప్పదు.

స్టెరాయిడ్ అంటేనే విషం అనుకోవడం ఇంకో పొరపాటు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి జబ్బుల్లో అదే సరైన మందు. ఎంత బలమైంది, ఏ చోట, ఎన్ని రోజులు అన్నది డాక్టరు తేల్చాలి. యాంటీబయాటిక్ క్రీము సంగతీ అంతే. చీము కారే పుండుకు, తేనెరంగు పొక్కు కట్టే పిల్లల పుండ్లకు పనికొస్తుంది. తామరకు రాస్తే ఫంగస్‌కు ఏమీ కాదు. పైగా నియోమైసిన్ కొందరికి ఎలర్జీ తెస్తుంది, అప్పుడు మచ్చ చుట్టూ వచ్చే కొత్త దద్దురును కూడా తామరే పాకిందనుకుని ఇంకాస్త రాస్తారు.

చిన్న మచ్చగా ఉన్న కొత్త తామరకైతే కాంపొజిషన్‌లో ఒకే ఒక్క పేరు, అదీ ఫంగస్ మందు పేరు, ఉన్న ట్యూబు చాలు. దాన్ని పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాసి, మచ్చ మాయమయ్యాక కూడా మరో రెండు వారాలు కొనసాగించమని మన చర్మ డాక్టర్లు చెబుతారు. లులికొనజోల్ లాంటివి రోజుకొకసారి చాలు, పెట్టెలోని కాగితంలో ఆ సంగతి ఉంటుంది. దురద వెంటనే పోకపోతే మందు పనిచెయ్యడం లేదని కాదు.

అయితే ఇప్పుడు తిరుగుతున్న తామర వెనకటిలా లేదు. నేపాల్, భారతదేశాల నుంచి వెళ్లిన రోగుల్లో కనిపించిన ఒక ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. చాలాచోట్ల అది టెర్బినఫిన్‌కు లొంగడం లేదు. అందుకే ఒంటిమీద రెండు మూడు చోట్ల మచ్చలున్నా, ఇంట్లో ఇంకొకరికి అంటినా, ఇదివరకే మిశ్రమ క్రీము రాసి ఉన్నా సొంత వైద్యంతో నెట్టుకురాకుండా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడిన ట్యూబులు, సగం అయిపోయినవైనా, వెంట తీసుకెళ్లాలి. ఆ సన్నటి అక్షరాలు చదివితే మచ్చ ఎందుకు రూపం మార్చుకుందో డాక్టరుకు తెలుస్తుంది. అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ దారాలు కనబడతాయి. స్టెరాయిడ్ మింగి బలిసిన తామరలో అవి సాధారణంగా మరీ దట్టంగా ఉంటాయి.