ఆఫ్‌సైడ్: చూడాల్సింది పాస్ వెలువడిన క్షణాన్ని

2022 ప్రపంచకప్‌లో సౌదీ అరేబియాపై తొలి అర్ధభాగంలో అర్జెంటీనా చేసిన మూడు గోల్స్ ఆఫ్‌సైడ్‌గా రద్దయ్యాయి. చివరకు ఆ జట్టు 1-2తో ఓడింది.

డిఫెండర్ల మధ్య సందులోంచి వారి వెనుక ఖాళీలోకి పంపే పాస్‌ను త్రూ బాల్ అంటారు. సహచరుడు బంతిని తన్నిన క్షణంలో, దాన్ని అందుకోబోయే ఆటగాడు ప్రత్యర్థి అర్ధభాగంలో బంతికన్నా, చివరి నుంచి రెండో ప్రత్యర్థికన్నా గోల్‌లైన్‌కు దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్. గోల్‌కీపర్‌నూ లెక్కిస్తారు కనుక సాధారణంగా చివరి డిఫెండరే హద్దు. సౌదీ డిఫెండర్లు ఒకే వరుసగా ముందుకు నిలిచి ఆ హద్దును గోల్‌కు దూరంగా ఉంచారు. బంతి ఎక్కడ అందిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. రీప్లే పాస్ దగ్గరే ఆగేది అందుకే.

బంతిని కాలితో నడుపుకుంటూ డ్రిబుల్ చేసేవాడికి ఈ చిక్కు లేదు. సెట్‌పీస్‌లలో కార్నర్ నుంచి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ వర్తించదు, ఫ్రీకిక్‌కు మాత్రం వర్తిస్తుంది.