పాల లెక్క పక్కనే నీరసం లెక్క

వంటింటి గోడకు వేలాడే క్యాలెండర్ చాలా ఇళ్లలో పాల లెక్కకే పనికొస్తుంది. ఏ రోజు లీటరు పోశాడు, ఏ రోజు అర లీటరు, ఏ రోజు రాలేదు అన్నది తేదీ గడిలో చిన్న అక్షరాలతో పడిపోతుంది. రోజుకు అర నిమిషం కూడా పట్టని పని. అయినా నెలాఖరులో పాలవాడితో పేచీ వస్తే ఆ గడులే సాక్ష్యం. డెంగీ నుంచి లేచిన మనిషి ఇంటికొచ్చాక చేయాల్సిన రాతపని కూడా అంతే ఉంటుంది. పేచీ మాత్రం ఇక్కడ సొంత ఒంటితో.

ఎందుకంటే డెంగీలో జ్వరం పోవడం వేరు, సత్తువ రావడం వేరు. జ్వరం సాధారణంగా రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. అది తగ్గే సమయంలోనే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. ఆ 24 నుంచి 48 గంటల్లో సన్నటి రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారవచ్చు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోవచ్చు. ఆ గండం గడిచాక కారిన ద్రవం మళ్లీ రక్తంలోకి చేరుతుంది, ఆకలి పుడుతుంది, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. కొందరికి అరచేతులు, అరికాళ్లు దురద పెడతాయి. ఆస్పత్రి నుంచి పంపేది ఈ దశలోనే. బంధువులు ఫోన్ చేసి మొదట అడిగేది కూడా ‘ప్లేట్‌లెట్లు ఎంతకొచ్చాయి?’ అనే. లక్షన్నర దాటాయనగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ అంకె రక్తస్రావం భయం ఎంత తగ్గిందో చెబుతుందే గానీ మెట్లెక్కగలరా, బట్టలు ఉతకగలరా అన్నది చెప్పదు. నిస్సత్తువ చాలామందిలో రెండు మూడు వారాలు, కొందరిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఈ నిస్సత్తువకు ఒక తిక్క గుణం ఉంది. పని చేసేటప్పుడు ఊరుకుంటుంది. మర్నాడో, ఆ మర్నాడో వచ్చి పడుతుంది. డెంగీ ఒక్కటే కాదు, కొవిడ్ వంటి ఇతర వైరస్ జబ్బుల తర్వాత కూడా కొందరిలో శ్రమ ఫలితం ఇలా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే మనిషి తప్పు లెక్క వేసుకుంటాడు. మంగళవారం చేసిన పనికి గురువారం పడకేస్తే, బుధవారం తిన్న దాని మీదకు నెపం పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిన్న పట్టణంలో ఓ హైస్కూలు టీచరు, నలభై దాటిన మనిషి. సెప్టెంబరు 6న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. రెండు రోజులు పడుకున్నారు. 9వ తేదీ పొద్దున లేచేసరికి ఒళ్లు తేలిగ్గా అనిపించింది. ఇల్లు ఊడ్చారు, ఒక బకెట్ బట్టలు ఉతికారు, సాయంత్రం పలకరించడానికి వచ్చినవాళ్లతో గంటసేపు కూర్చున్నారు. 10న పర్వాలేదు. 11న మంచం దిగలేకపోయారు. కాళ్లు పీకాయి, తల దిమ్మెక్కింది.

“నిన్న పులిహోర వద్దంటే విన్నావా? పులుపు పడలేదు,” అన్నారు అత్తగారు.

“నాలుగు ముద్దలే కదత్తయ్యా,” అని ఊరుకున్నారు కోడలు. ఇంటర్ చదివే కూతురు మాత్రం పాల లెక్క పక్కనే పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టింది. నీరసానికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె. సున్నా అంటే మామూలుగా ఉన్నట్టు, పది అంటే మంచం దిగలేనట్టు. దాని పక్కన రాత్రి నిద్ర ఎలా పట్టిందో, ఆ రోజు చేసిన పెద్ద పని ఏమిటో, కొత్తగా ఏదైనా బాధ కనిపించిందో రెండేసి మాటల్లో. గడిచిన రెండు రోజులవి కూడా అమ్మను అడిగి పూరించింది.

‘9: నీరసం 3. నిద్ర బాగుంది. ఊడ్చడం, బట్టలు, చుట్టాలు.’
‘10: నీరసం 4. నిద్ర మామూలు. పని లేదు. పులిహోర.’
‘11: నీరసం 8. కాళ్ల నొప్పులు. జ్వరం లేదు.’
‘12: నీరసం 7. పని లేదు.’
‘13: నీరసం 5. నిద్ర బాగుంది.’

ఒక్కసారి జరిగితే పులిహోరను అనుమానించినా తప్పులేదు. 17న ఆమె బ్యాంకుకు వెళ్లి నలభై నిమిషాలు వరుసలో నిలబడ్డారు. 18న అంకె 4, 19న 7. ఈసారి పులిహోర లేదు. రెండుసార్లూ ఉన్నది ఒకటే, ఎక్కువసేపు నిలబడి చేసిన పని. రెండుసార్లూ దెబ్బ తగిలింది మూడో రోజునే. రెండు సంఘటనలతో రుజువైపోయిందని ఏ డాక్టరూ అనడు. కానీ రేపటి రోజును ఎలా సర్దుకోవాలో తేల్చుకోవడానికి అవి చాలు.

సర్దుబాటు ఇలా జరిగింది. పొద్దున ఆరున్నరకు మెలకువ వచ్చినా చటుక్కున లేవకుండా మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలి. కోలుకునే రోజుల్లో లేచీలేవగానే కళ్లు తిరగడం మామూలే, పడితే కొత్త కష్టం. టిఫిన్ తర్వాత స్నానం, అదీ పీట మీద కూర్చుని. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు స్నానం పనిలా అనిపించదు గానీ, ఆవిరి, వంగడం, చేతులు పైకెత్తి తల తుడుచుకోవడం కలిస్తే నీరసంగా ఉన్న ఒంటికి అది పెద్ద పనే. అందుకే తొమ్మిదింటికి మొదటి విశ్రాంతి. పదింటికి ఒక్క పని, పావుగంట, కూర్చునే. కూర తరగడమో, బట్టలు మడతపెట్టడమో. పదకొండింటికి మళ్లీ విశ్రాంతి, ఒక గ్లాసు మజ్జిగ. భోజనం అయ్యాక రెండింటికి ముప్పావుగంట పడుకోవడం. అంతకు మించితే రాత్రి నిద్ర దెబ్బతింటుంది. సాయంత్రం అయిదింటికి వరండాలో అయిదు నిమిషాల నడక, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంతో. ఎనిమిదికి భోజనం, ఎనిమిదిన్నరకు క్యాలెండర్‌లో రాత, తొమ్మిదిన్నరకు నిద్ర.

విశ్రాంతి సమయాలను కూతురు ఫోన్‌లో అలారాలుగా పెట్టింది. ‘అమ్మా కూర్చో’ అని ఒకటి, ‘అమ్మా పడుకో’ అని ఇంకొకటి. అలసట తెలిశాక పడుకోవడానికి అలారం ఎందుకని అత్తగారు నవ్వారు. అలసట రాకముందే ఆపించడం కోసమే అది. ఒళ్లు మొరాయించాక ఆపితే అప్పటికే పరిమితి దాటేసినట్టు. అలారం మోగేసరికి కూర మూడొంతులు తరిగి ఉంటుంది, ఇంకాస్తే కదా అనిపిస్తుంది. టీచరుగారు మొదటి రెండు రోజులు అలారం ఆపేసి తరగడం పూర్తి చేశారు. మూడో రోజు నుంచి కూతురు ఫోన్‌ను పక్కగదిలో పెట్టింది. అలారం ఆపాలంటే అమ్మ లేచి వెళ్లాలి, వెళ్తే పక్కనే మంచం.

ఆ పావుగంటలో ఫోన్ చూడటం, టీవీ సీరియల్, పలకరింపులు ఏవీ ఉండకూడదు. పడుకుని ఫోన్‌లో గంట మాట్లాడితే కాళ్లకు విశ్రాంతి దొరుకుతుందేమో గానీ బుర్రకు దొరకదు. చుట్టాల రాకను కూడా ‘పెద్ద పని’ గడిలోనే రాయాలన్న సంగతి ఈ ఇంట్లో 9వ తేదీ నేర్పింది.

పని పెంచడానికీ ఒక పద్ధతి పెట్టుకున్నారు. మూడు రోజులు వరసగా అంకె 3 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే, ఒక్కదాన్ని మాత్రం కొంచెం పెంచడం. అయిదు నిమిషాల నడక ఏడవుతుంది, మిగతావన్నీ అలాగే ఉంటాయి. మళ్లీ మూడు రోజులు చూడటం. దెబ్బ ఆలస్యంగా తగులుతుంది కాబట్టే ఈ మూడు రోజుల గడువు. ఒకేసారి నడక, వంట, బజారు అన్నీ పెంచేస్తే ఏది పడలేదో క్యాలెండర్ కూడా చెప్పలేదు.

ఈ మధ్యలో వీధి చివరి ఆర్ఎంపీ దగ్గర ‘ఒక బాటిల్ ఎక్కించుకుంటే నీరసం పోతుంది’ అన్న సలహా రాకుండా ఉండదు. అర లీటరు అయిదు శాతం గ్లూకోజు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర, దాదాపు వంద కేలరీలు. మామూలు సెలైన్ అయితే అదే పరిమాణంలో నాలుగున్నర గ్రాముల ఉప్పు. నోటితో తినగలిగి, తాగగలిగే మనిషికి ఇందులో దొరికే బలం రెండు ఇడ్లీలతోనూ దొరుకుతుంది. పైగా డెంగీలో కారిన ద్రవం రక్తంలోకి తిరిగి చేరే రోజుల్లో అవసరం లేని సెలైన్ ఎక్కిస్తే ఒంట్లో నీరు ఎక్కువై ఆయాసం రావచ్చు. ఒళ్లు నొప్పులకు దుకాణంలో అడిగి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకోవడం కూడా డాక్టరు చెప్పకుండా పనికిరాదు, అవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. నొప్పికి, జ్వరానికి పారాసెటమాలే, అదీ చెప్పిన మోతాదులో.

క్యాలెండర్ గడి ఓపిగ్గా చూడాల్సిన సంగతులకే. కొన్ని లక్షణాలు కనిపిస్తే రాసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం, ఛాతీలో నొప్పి, మూత్రం బాగా తగ్గిపోవడం, మగతగా ఉండటం, స్పృహ తప్పడం ఈ కోవలోవి. పోయిన జ్వరం మళ్లీ వచ్చినా డాక్టరుకు చూపించాలి. రెండు మూడు నెలలకు దువ్వెనకు జుట్టు గుప్పెడు వస్తే మాత్రం బెంబేలెత్తనక్కర్లేదు. పెద్ద జ్వరాల తర్వాత అలా రాలడం, కొన్ని నెలల్లో తిరిగి రావడం మామూలే.

రాతకూ హద్దు ఉంది. గంటగంటకూ నాడి, ఆక్సిజన్, నీరసం చూసుకుంటూ కూర్చుంటే ప్రతి చిన్న నొప్పీ పెద్దదిగా కనిపిస్తుంది. రోజుకు ఒక్కసారి, ఒక్క గడిలో పట్టినంతే. అంకెలు వారాల తరబడి దిగకుండా 6, 7 దగ్గరే ఉంటే రక్తహీనత, థైరాయిడ్, షుగర్, దిగులు వంటి వేరే కారణం ఉందేమో పరీక్ష చేయించాలి.

నెలాఖరులో టీచరుగారు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కూతురు క్యాలెండర్ కాగితాన్ని ఫోటో తీసి ఇచ్చింది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగానే ఉందండీ, కాస్త నీరసం’ అనే సమాధానం ఒక్కటే దొరికేది. ఫోటోలో 11, 19 తేదీలు చూసి ఆయన బ్యాంకు సంగతి అడిగారు, స్కూల్లో ఎన్ని పీరియడ్లు నిలబడి చెప్పాలో అడిగారు. మొదటి వారం మధ్యాహ్నం దాకానే, కుర్చీలో కూర్చునే పాఠం చెప్పమన్నారు. 26వ గడిలో ‘1 లీ’ అని ఉంది కదా, అదేమిటని కూడా అడిగారు. అది పాల లెక్కండీ, అంది కూతురు.