చెక్కు తిరిగొచ్చిందా? ఇక తేదీలు రాసిపెట్టుకోండి

బెంగళూరు నుంచి నడిచిన కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ శంషాబాద్ విమానాశ్రయానికి బకాయిల కింద ఇచ్చిన చెక్కులు చెల్లలేదు. జీఎంఆర్ హైదరాబాద్ విమానాశ్రయ సంస్థ కోర్టుకెక్కింది. 50 లక్షల రూపాయల చొప్పున ఉన్న రెండు చెక్కుల విషయంలో 2016 ఏప్రిల్ 20న హైదరాబాద్ ఎర్రమంజిల్ కోర్టు ఆ కంపెనీనీ, విజయ్ మాల్యానూ, కంపెనీ ఉన్నతాధికారి ఒకరినీ దోషులుగా తేల్చింది. అప్పటికే మాల్యా దేశం దాటి ఏడు వారాలు కావస్తోంది.

అంత పెద్ద విమానాశ్రయ సంస్థ నడిచిన దారీ, కేఆర్ పురంలో ఫర్నిచర్ షెడ్డు నడిపే మేస్త్రి నడవాల్సిన దారీ ఒక్కటే. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఎఫ్‌ఐఆర్ రాయించే కేసు కాదిది. చెక్కు అందుకున్న మనిషే లిఖితపూర్వకంగా మేజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చేయాలి. అదీ చట్టం గీసిన గడువుల లోపల. ఇలాంటి కేసుల్లో డబ్బు నిజంగా రావాల్సి ఉండి కూడా ఓడిపోయేవాళ్లున్నారు. వాళ్లు ఎక్కువగా ఓడేది కోర్టు గుమ్మం తొక్కక ముందే, నోటీసు దగ్గరా క్యాలెండర్ దగ్గరా.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. చెక్కు చెల్లకపోతే జైలుశిక్ష దాకా వెళ్లే 138వ సెక్షన్ మాత్రం అందులో చేరి 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీన్ని చాలామంది సగమే అర్థం చేసుకుంటారు. చెక్కు బౌన్స్ అయినంత మాత్రాన నేరం పూర్తి కాదు. డబ్బు కట్టమని నోటీసు పంపాలి, అది అందిన 15 రోజుల్లో అవతలివాడు కట్టకపోవాలి. అప్పుడే నేరం పూర్తయినట్టు. అంటే నోటీసు ఇవ్వడం మర్యాద కోసం చేసే పని కాదు. నేరంలో అదొక భాగం. అది తప్పితే మిగతా కేసుకు నిలబడే చోటే ఉండదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. మదనపల్లె నుంచి వచ్చి కేఆర్ పురంలో షెడ్డు పెట్టుకున్న మేస్త్రి ఒకాయన వైట్‌ఫీల్డ్‌లోని ఓ ఫ్లాటుకు వార్డ్‌రోబులు, మాడ్యులర్ కిచెన్ చేసిచ్చాడు. 3,40,000 రూపాయలకు 2026 జనవరి 5 తేదీతో చెక్కు అందింది. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల లోపు బ్యాంకులో వేయాలి. 2012 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఇది. ఆయన జనవరి 12న వేశాడు. 13న ‘ఖాతాలో చాలినంత సొమ్ము లేదు’ అన్న రిటర్న్ మెమోతో చెక్కు తిరిగొచ్చింది. ‘ఖాతా మూసేశారు’, ‘చెల్లింపు ఆపమన్నారు’, ‘సంతకం సరిపోలలేదు’ అన్న కారణాలతో వచ్చినా 138 వర్తించే అవకాశం ఉందని సుప్రీంకోర్టు వేర్వేరు తీర్పుల్లో చెప్పింది. కాబట్టి మెమోలో ఏ కారణం ఉన్నా దాన్ని జాగ్రత్తగా దాచాలి.

మేస్త్రి ఫోన్ చేశాడు. ‘‘అన్నా, ఒక్క పది రోజులు ఆగన్నా, ఊళ్లో స్థలం డబ్బులు వస్తున్నాయి, నేనే ఆర్టీజీఎస్ కొట్టేస్తా’’ అన్నాడు అవతలాయన. కేసులు ఎక్కువగా ఇక్కడే చచ్చిపోతాయి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. ఆ 30 రోజులు దాటితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు. చివరి దశలో ఫిర్యాదు దాఖలు ఆలస్యమైతే సరైన కారణం చూపించి మన్నించమని అడగవచ్చు. నోటీసు ఆలస్యానికి ఆ వెసులుబాటు లేదు. మన మేస్త్రికి ఆ గడువు ఫిబ్రవరి 12తో ముగుస్తుంది. మెమో కాగితం చేతికి రాకముందే బ్యాంకు ఎస్ఎంఎస్ వస్తే, దాని తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం.

గడువు దాటిపోయినా మిగిలే దారి ఒకటుంది. మూడు నెలల గడువు ఇంకా ఉంటే అదే చెక్కును మళ్లీ బ్యాంకులో వేయవచ్చు. మళ్లీ తిరిగొస్తే కొత్తగా 30 రోజులు మొదలవుతాయి. ఎంఎస్ఆర్ లెదర్స్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని స్పష్టం చేసింది.

మేస్త్రి జనవరి 20న నోటీసు పంపాడు, 23న అందింది. అందిన రోజును వదిలేసి 15 రోజులు లెక్కిస్తే ఫిబ్రవరి 7 దాకా అవతలాయనకు గడువు. ఈలోపు ఫిర్యాదు వేస్తే తొందరపాటు ఫిర్యాదు కింద కొట్టేస్తారు. ఫిబ్రవరి 8న ఫిర్యాదుకు హక్కు పుడుతుంది. అక్కడి నుంచి నెల రోజుల్లో, అంటే మార్చి 8 లోపు కోర్టులో వేయాలి. 2026లో మార్చి 8 ఆదివారం. కోర్టు సెలవైతే మర్నాటి పనిరోజున తీసుకుంటారు గానీ, అంత అంచు దాకా ఆగే లాయరును నేను నమ్మను.

ఇప్పుడు నోటీసు లోపలికి చూద్దాం. చెక్కు నంబరు, తేదీ, మొత్తం, బ్యాంకు, తిరిగొచ్చిన రోజు, కారణం, 15 రోజుల్లో కట్టాలన్న డిమాండు అందులో ఉండాలి. అడిగే మొత్తం చెక్కు మీది మొత్తంతో పైసాతో సహా సరిపోవాలి. కావేరీ ప్లాస్టిక్స్ కేసులో చెక్కు కోటి రూపాయలకు ఉంటే నోటీసులో రెండు కోట్లని పడింది. అది టైపింగ్ పొరపాటని వాదించారు. 2025 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. నోటీసు చెల్లదంది, కేసు పోయింది. వడ్డీ, నోటీసు ఖర్చు అడగాలనుకుంటే చెక్కు మొత్తాన్ని విడిగా, స్పష్టంగా రాసి, మిగతావి వేరే వాక్యంలో చూపించాలి.

దీనికి ఇంకో ముడి ఉంది. చెక్కు ఇచ్చాక, దాన్ని బ్యాంకులో వేయకముందు, అవతలాయన ఫోన్‌పేలో 40,000 పంపాడనుకోండి. అప్పుడు ఉన్న బాకీ మూడు లక్షలు, చెక్కు మీద మాత్రం 3,40,000. అలాగే వేసి పూర్తి మొత్తం అడిగితే 138 నిలవదని 2022 అక్టోబరులో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 40,000 ముట్టినట్టు చెక్కు మీదే రాసి మిగిలిన దానికే వేయాలి, లేదా పాత చెక్కు వెనక్కిచ్చి మూడు లక్షలకు కొత్తది తీసుకోవాలి. చిన్న వ్యాపారులు చాలామంది చేసే పని దీనికి తలకిందులు: వచ్చినంత తీసుకుంటారు, కోపం వచ్చినప్పుడు పాత చెక్కు బ్యాంకులో పడేస్తారు.

నోటీసు తీసుకోకుండా తలుపేసుకుంటే ఏమవుతుందన్న భయం అక్కర్లేదు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు ‘తీసుకోలేదు’, ‘తలుపు తాళం’ అని తిరిగొచ్చినా అందినట్టే భావిస్తారని 2007లో సి.సి. అలవీ హాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరులో అద్దె ఫ్లాట్లు మారేవాళ్లు ఎక్కువ. అందుకే తెలిసిన చిరునామాలన్నిటికీ పంపి, తపాలా రసీదులు, ట్రాకింగ్ పేజీ ప్రింటు, తిరిగొచ్చిన కవరు అన్నీ ఉంచుకోవాలి. ఆ కవరు చింపవద్దు.

ఏ కోర్టులో వేయాలన్నది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పట్టే విషయం. 2015 సవరణ తర్వాత, చెక్కును ఖాతాలో వేసినప్పుడు, ఫిర్యాదీ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే కేసు. ఏ బ్రాంచి కౌంటర్లో వేశామన్నది లెక్క కాదు. మారతహళ్లి బ్రాంచిలో చెక్కు వేసినా మేస్త్రి ఖాతా మదనపల్లెలో ఉంటే కేసు మదనపల్లెలోనే. పదేళ్లుగా బెంగళూరులో ఉంటూ ఊరి బ్రాంచి ఖాతానే వాడుకునేవాళ్లు చెక్కు వేసే ముందే ఇది ఆలోచించుకోవాలి. ఊళ్లో ఉండి బెంగళూరు వ్యాపారికి సరుకు పంపే రైతుకు ఇదే నియమం పెద్ద ఊరట. ఆయన కేసు కోసం ఈ నగరానికి రానక్కర్లేదు.

బెంగళూరులో వేస్తే ఫిర్యాదుకు మొదట పీసీఆర్ నంబరు పడుతుంది. మేజిస్ట్రేట్ విచారణకు తీసుకున్నాక సీసీ నంబరుగా మారుతుంది. అసలు చెక్కు, మెమో, నోటీసు నకలు, తపాలా కాగితాలు, బిల్లులు, ప్రమాణపత్రం జతచేయాలి. కొత్త నేర ప్రక్రియ చట్టం వచ్చాక, విచారణకు తీసుకునే ముందే నిందితుడికి నోటీసు ఇవ్వాలా అన్న సందేహం పుట్టింది. చెక్కు కేసుల్లో అక్కర్లేదని 2025లో కర్ణాటక హైకోర్టు అశోక్ కేసులో చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో సంజబీజ్ తారీ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను ఒప్పుకుంది. చెక్కు ఇచ్చింది కంపెనీ అయితే ముందుగా కంపెనీనే నిందితురాలిగా చేర్చాలి. సంతకం పెట్టిన డైరెక్టర్ ఒక్కడి మీదే వేస్తే 2012 నాటి అనీతా హడా తీర్పు అడ్డం పడుతుంది. మాల్యా కేసులో కింగ్‌ఫిషర్ కంపెనీ కూడా దోషుల్లో ఉంది గమనించండి.

అవతలి నుంచి మామూలుగా వచ్చే వాదన, అది సెక్యూరిటీ చెక్కు, ఖాళీగా సంతకం పెట్టిచ్చానని. సంతకం తనదేనని ఒప్పుకుంటే, చెక్కు బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని చూపించాల్సింది నిందితుడే. కర్ణాటకకు చెందిన రంగప్ప కేసులో చెక్కు పోయిందన్నాడు నిందితుడు, బాకీ 45,000. నోటీసుకు అతను జవాబే ఇవ్వకపోవడాన్ని సుప్రీంకోర్టు 2010లో అతనికి వ్యతిరేకంగానే చూసింది. అయితే ఈ భావన ఇనుప గోడ కాదు. కర్ణాటకదే ఇంకో కేసు బసలింగప్పది. ఆరు లక్షలు చేబదులిచ్చానన్న ఫిర్యాదీ అంత డబ్బు తనకెక్కడిదో చూపించలేకపోయాడు. 2019లో నిందితుడు బయటపడ్డాడు. నగదు చేబదులు ఇచ్చేవాళ్లు బ్యాంకు నుంచి తీసిన ఆధారమైనా ఉంచుకోవాలి. వస్తువు అమ్మినవాళ్లకు బిల్లూ, డెలివరీ చలానూ, వాట్సాప్ మాటలూ ఆ పని చేస్తాయి.

నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదీకి కావాల్సింది మాత్రం డబ్బు. నిందితుడు నేరం ఒప్పుకోనప్పుడు చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించమని అడగవచ్చు. ఇవ్వడం మేజిస్ట్రేట్ విచక్షణ. రాజీ ఎప్పుడైనా కుదుర్చుకోవచ్చు. సంజబీజ్ తారీ తీర్పు ప్రకారం నిందితుడు తన సాక్ష్యం మొదలుకాకముందే కడితే అదనపు ఖర్చు లేదు. ఆ తర్వాత, కింది కోర్టు తీర్పుకు ముందైతే చెక్కు మొత్తంలో 5 శాతం న్యాయసేవా సంస్థకు కట్టాలి. సెషన్స్ కోర్టు, హైకోర్టుల దాకా వెళ్తే 7.5, సుప్రీంకోర్టులో 10 శాతం. మేస్త్రి లాయరు మొదటి వాయిదాలోనే ఈ లెక్క అవతలాయన ముందు పెట్టడం మంచిది. 3,40,000 మీద 5 శాతం అంటే 17,000. ఆ సొమ్ము మేస్త్రికి రాదు, అవతలాయన జేబులోనూ మిగలదు.