రాగిపై పచ్చదనం.. కవచమా? రోగమా?

ఉత్సవాలు దగ్గరపడగానే ఆలయాల్లోని రాగి, ఇత్తడి, కంచు సామగ్రినంతా బయటకు తీసి చింతపండు, ఇటుకపొడి పట్టించి తోమడం మన ప్రాంతంలో ఆనవాయితీ. నిత్యం నీళ్లు తాగే చెంబుకు ఈ తోముడు అవసరమే. కానీ శతాబ్దాల నాటి కంచు విగ్రహానికీ, శాసనం చెక్కిన రాగిరేకుకూ అదే వైద్యం చేస్తే జరిగే నష్టం పూడ్చలేనిది. చింతపండులోని పులుపు పైపొరను కరిగిస్తుంది, ఇటుకపొడి లోహాన్నే అరగదీస్తుంది. ఏటా ఇలా తోమిన విగ్రహానికి కనుబొమల గీతలు, వస్త్రపు మడతలు క్రమంగా చెరిగిపోయి ముఖం బోడిగా తయారవుతుంది. అక్షరాలున్న రేకు చదవడానికి పనికిరాకుండా పోతుంది. ఏ ఉపరితలాన్ని తోమాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్నది తెలియాలంటే ముందు ఆ ఉపరితలాన్ని చదవడం రావాలి.

తళతళ ఎక్కడి నుంచి వస్తుంది?

మెరుపు లోహం రంగుకు సంబంధించినది కాదు, దాని నునుపుకు సంబంధించినది. ఎంత నున్నగా కనిపించే పలకనైనా సూక్ష్మదర్శిని కింద పెడితే గుట్టలూ గుంటలూ కనిపిస్తాయి. వాటి సగటు ఎత్తుపల్లాలను ఇంజినీర్లు మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. కంటికి కనిపించే వెలుగు తరంగాల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకు ఉంటుంది. ఉపరితలపు ఎగుడుదిగుళ్లు దీనికంటే బాగా తక్కువగా, అంటే 0.05 మైక్రాన్ దరిదాపుల్లో ఉంటే వెలుగు చెదరకుండా ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది. అప్పుడు స్టీలు పళ్లెంలో ముఖం అద్దంలోలా కనిపిస్తుంది. దాన్నే తళతళ అంటాం.

అదే స్టీలును ఒకే దిశలో సన్నని గీతలు పడేలా రాపాడిస్తే ముఖం కనిపించదు, మసకబారిన వెలుగుచార మాత్రం కనిపిస్తుంది. ఆ చార గీతలకు అడ్డంగా సాగుతుంది. లిఫ్టు తలుపుల వద్ద తల అటూ ఇటూ కదిపి చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. ఇక గీతలు అన్ని దిక్కులకూ పడితే వెలుగు పూర్తిగా చెదిరి మెరుపు పోతుంది. కొన్నేళ్లు పీచుతో తోమిన గిన్నె మబ్బుగా కనిపించడానికి కారణం ఇదే. ఆ గిన్నెకు మురికి పట్టలేదు, గరుకుదనం పట్టింది. మళ్లీ ఎంత తోమినా ఆ మెరుపు రాదు, పైగా మరింత తగ్గుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి దానిలో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం కారణం. గాలి తగలగానే అది ఉపరితలంపై కొన్ని నానోమీటర్ల మందాన కంటికి కనిపించని పొరను అల్లుకుంటుంది. గీత పడినా ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది. అయితే సముద్రపు ఉప్పు దానికి శత్రువు. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంత పట్టణాల్లో మెట్ల కమ్మీలపై తేనీటి రంగు మరకలు కనిపించడం అందుకే. గరుకు గీతల్లో ఉప్పు చిక్కుకుని వానకు కూడా కడుక్కుపోదు. తీరానికి దగ్గరగా వాడే స్టీలు గరుకుదనం 0.5 మైక్రాన్‌కు మించకూడదని నిపుణులు సూచిస్తారు. మెరుగుపెట్టిన కమ్మీ ఖరీదెక్కువైనా అక్కడ ఎక్కువకాలం మన్నేది అదే. ఇనుప పీచుతో రుద్దితే ఇనుపరజను గీతల్లో ఇరుక్కుని అదే తుప్పు పడుతుంది. నిందేమో స్టీలుపై పడుతుంది.

రాగి వయసు రంగులో తెలుస్తుంది

రాగి దారి వేరు. స్టీలు తన పొరను కనిపించనీయదు, రాగి మాత్రం తన పొరను బహిరంగంగా ధరిస్తుంది. కొత్తగా సాగదీసిన రాగిరేకు గులాబీ ఛాయతో ఉంటుంది. ఆరుబయట ఉంచితే కొద్ది వారాల్లోనే ఆ ఛాయ పోయి ఎర్రని గోధుమ రంగు వస్తుంది. ఇది ప్రాణవాయువుతో కలిసిన రాగి పొర. తరువాత అది ముదిరి కుంకుడుగింజ రంగుకు, కొన్నిచోట్ల దాదాపు నలుపుకు చేరుతుంది. ఆ మీదట కొన్నేళ్లకు, వానలో తడిసే భాగాల్లో ముందుగా, పచ్చదనం తొంగిచూస్తుంది. పట్టణాల గాలిలోని గంధక వాయువులతో ఏర్పడే ఈ పచ్చని పొరకు బ్రోకాంటైట్ అని పేరు. సముద్రతీరంలో ఉప్పుతో ఏర్పడే పచ్చదనం అటకమైట్. పొడి వాతావరణంలో రాగి దశాబ్దాల పాటు గోధుమ రంగులోనే ఉండిపోవచ్చు. కనుక పచ్చగా లేనంత మాత్రాన వస్తువు పాతది కాదనుకోవడం సరికాదు.

ఇనుముపై వచ్చేదాన్ని తుప్పు అని, రాగి, ఇత్తడిపై వచ్చేదాన్ని చిలుము అని మనవారు వేర్వేరు పేర్లతో పిలవడం ఊరికే కాదు. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందువల్ల ఉబ్బి, పెచ్చులుగా రాలి, కింది లోహాన్ని మళ్లీ నీటికి అప్పగిస్తుంది. రాగిపై నిదానంగా ఏర్పడిన పొర మాత్రం గట్టిగా అంటుకుని కింది లోహాన్ని కాపాడుతుంది.

వందేళ్ల పరీక్ష

ఈ రెండింటి స్వభావాన్నీ ఒకేచోట చూపిన వస్తువు న్యూయార్క్ రేవులోని స్వేచ్ఛా విగ్రహం. 1886 అక్టోబరు 28న దాన్ని ఆవిష్కరించినప్పుడు అది పచ్చగా లేదు, రాగి రంగులోనే ఉంది. 46 మీటర్ల ఆ విగ్రహానికి తొడిగిన రాగిరేకు మందం 2.4 మిల్లీమీటర్లు మాత్రమే. ఇరవై ఏళ్లలో అది పూర్తిగా పచ్చబడింది. 1906లో అధికారులు దాన్ని పాడవుతున్న లక్షణంగా భావించి లోపలా బయటా రంగు వేయించడానికి నిధులు కూడా మంజూరు చేయించుకున్నారు. ప్రజలు వ్యతిరేకించడంతో లోపలివైపు మాత్రమే రంగు పడింది. ప్రజల పట్టుదలే సరైనదని తరువాత తేలింది. 1980లలో పరిశీలించినప్పుడు వందేళ్లలో రాగి కోల్పోయిన మందం సుమారు 0.1 మిల్లీమీటరే.

చెడిపోయింది బయటి రాగి కాదు, దాన్ని లోపలి నుంచి పట్టి ఉంచిన ఇనుప పట్టీలు. రాగి, ఇనుము తడిలో ఒకదానికొకటి తగిలితే ఇనుము వేగంగా కరిగిపోతుంది. ఈ సంగతి కట్టినవారికి తెలుసు. అందుకే మధ్యలో లక్క పట్టించిన ఆస్బెస్టాస్ పెట్టారు. అది కాలక్రమంలో చివికిపోయింది. ఆపై తుప్పుపట్టి ఉబ్బిన పట్టీలు వాటిని పట్టుకున్న రాగి కొక్కేల రివెట్లను పీకేశాయి. 1984-86 మధ్య జరిగిన మరమ్మతుల్లో ఆ పట్టీలను తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి అమర్చి, రాగికి తగలకుండా మధ్యలో టెఫ్లాన్ ఉంచారు. బయటి పచ్చదనాన్ని మాత్రం అలాగే వదిలేశారు.

అక్కడ కూడా ఒక పొరపాటు దొర్లింది. లోపలి పాత తారును తొలగించడానికి వంటసోడాను ఒత్తిడితో చిమ్మారు. ఆ పొడి రేకుల అతుకుల గుండా బయటకు కారి పచ్చని పొరతో చర్య జరిపి, రంగు మారిన చారలు తెచ్చింది. వెంటనే బయట నీళ్లతో కడగాల్సి వచ్చింది. వంటింట్లో అపకారం చేయని పొడి కూడా ఏళ్ల నాటి పొరను ఇట్టే మార్చగలదనడానికి ఇది నిదర్శనం.

రోగాన్ని గుర్తించడం ఎలా?

పచ్చగా ఉన్నదంతా కవచం కాదు. ఉప్పునేలలో చాలాకాలం పూడి ఉండి బయటపడిన కంచు వస్తువులకు ఒక జాడ్యం పడుతుంది. నిపుణులు దీన్ని కంచు రోగం అనే పిలుస్తారు. నేలలోని క్లోరైడ్ లోహంతో కలిసి లోపలి పొరలో దాగి ఉంటుంది. వస్తువు బయటపడి తేమ, గాలి తగలగానే అది పచ్చని పొడిగా మారుతూ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం మరికొంత లోహాన్ని తింటుంది, మళ్లీ అదే వరుస. గుంటలు లోతుగా దిగిపోయి చివరకు వస్తువు పిండి అవుతుంది.

తేడాను కంటితోనే చాలావరకు పట్టుకోవచ్చు. మేలైన పొర ముదురు పచ్చగా, గట్టిగా, కొంత నిగారింపుతో ఉంటుంది. కింద చెక్కిన గీతలు దాని మీదుగా స్పష్టంగా కనిపిస్తాయి. మెత్తని పొడిగుడ్డతో అద్దితే గుడ్డకు ఏమీ అంటదు. రోగపు పచ్చదనం లేతగా, సుద్దపొడిలా, అక్కడక్కడా చుక్కలుగా పొంగి ఉంటుంది. తాకితే రాలుతుంది. తుడిచినచోట కొద్ది రోజుల్లోనే మళ్లీ పొడి పుడితే ఇక అనుమానం అక్కర్లేదు. గాలిలో తేమ 40 శాతం దాటితే దీని వేగం పెరుగుతుంది. మన కోస్తాలో ఏడాదిలో అధిక భాగం తేమ అంతకంటే ఎక్కువే కాబట్టి ఇక్కడ ఆలస్యం పనికిరాదు. ముందుగా చేయదగింది ఆ వస్తువును మిగతావాటి నుంచి వేరుచేసి, గాలి చొరబడని పెట్టెలో సిలికాజెల్ పొట్లాలతో పొడిగా ఉంచడం. క్లోరైడును అదుపు చేసే రసాయనాలు పూయడం పరిరక్షణ నిపుణుల పని. చింతపండు, నిమ్మకాయ, ఉప్పు పట్టిస్తే రోగానికి ఆహారం వేసినట్లే.

ఇంటి పాత్రల విషయంలో లెక్క పూర్తిగా వేరు. చెంబు, బిందె లోపల చిలుము కనిపిస్తే అది ఎంత అందంగా ఉన్నా ఉంచరాదు. పులుపు తగిలితే అది కరిగి కడుపులోకి చేరి వాంతులు తెప్పిస్తుంది. మజ్జిగ, పులుసు వంటివి కళాయి పూత లేని రాగి, ఇత్తడి పాత్రల్లో పోయకపోవడానికి కారణం ఇదే. వాటిని చింతపండుతో తోమి, బాగా కడిగి, తడి లేకుండా తుడిచి బోర్లించాలి. బయటి వైపు నల్లబడితే ఆరోగ్యానికి భయం లేదు, అది ఇల్లాలి ఇష్టం.

పొలం దున్నుతుండగానో, పునాది తవ్వుతుండగానో విగ్రహమో, రాగిరేకో బయటపడితే దాన్ని కడగకుండా, మట్టి గోకకుండా ఉన్నదున్నట్లు పొడిగా ఉంచాలి. ఆ మట్టి, ఆ పొర కూడా నిపుణులకు ఆధారాలే. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన ఇటువంటి నిక్షేపం దొరికితే ఆ సంగతి జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.