పొట్టు తీశాక కొర్రకు గడువు మొదలు

హైదరాబాద్‌లో కొర్ర బియ్యం కొనేవాళ్లు ముందుగా అడిగేది ‘పాలిష్ పట్టారా?’ అని. పట్టలేదంటేనే కొంటారు. ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మదలచిన రైతుకు అసలు పని మొదలయ్యేది ఇక్కడే. పాలిష్ పట్టని బియ్యం ఎక్కువ కాలం నిలవదు.

పొట్టుతో ఉన్న కొర్రలను బాగా ఎండబెట్టి ఉంచితే ఏడాదికి పైగా పాడవవు. మరలో పొట్టు ఊడదీయగానే గింజ మీది తవుడు పొర రాపిడికి నలుగుతుంది, అందులోని నూనెకు గాలి తగులుతుంది. తవుడులోనే ఉండే ఎంజైములు ఆ నూనెను విడగొట్టడం మొదలుపెడతాయి. రెండు మూడు నెలలయ్యేసరికి బియ్యం చిక్కు వాసన వేస్తుంది, వండితే కాస్త చేదు తగులుతుంది. ఎండాకాలంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పాలిష్ పడితే తవుడు పోతుంది కాబట్టి నిల్వ పెరుగుతుంది, కానీ కొనేవారు కోరే పీచు కూడా దానితోనే పోతుంది.

అందుకే తెలిసినవాళ్లు పంటనంతా ఒకేసారి మర ఆడించరు. కొర్రలను పొట్టుతోనే దాచి, వారం పొడవునా వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటారు. ఆదివారం లెక్క కట్టి సోమవారం అంతవరకే ఆడిస్తారు, మంగళవారం ప్యాక్ చేసి పంపేస్తారు.

మరకు వెళ్లే ముందు గింజలో తేమ 12 శాతం లోపు ఉండాలి. పొడి సీసాలో గింజలు, పొడి ఉప్పు వేసి గిలకొట్టే పాత పద్ధతి ఒకటుంది. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే. అంటకపోయినంత మాత్రాన 12కు దిగిందని కాదు. అది తేల్చడానికి తేమ మీటరు కావాలి. తడి గింజను వ్యాక్యూమ్ ప్యాక్ చేస్తే పురుగు చచ్చినా బూజు పట్టే ముప్పు తప్పదు.

గ్రేడింగ్‌లో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి మట్టిబెడ్డలు. రాళ్లు తీసే యంత్రం బరువు తేడాను బట్టి పనిచేస్తుంది. గింజంత బరువు, గింజంత సైజు ఉన్న బెడ్డ దాన్ని సులువుగా దాటిపోతుంది. కాబట్టి దీనికి మందు కళ్లంలోనే ఉంది. నేల మీద కాకుండా టార్పాలిన్ మీదో సిమెంటు గచ్చు మీదో నూర్చాలి. ఆడించాక గుప్పెడు బియ్యం తెల్లటి పళ్లెంలో పోసి చూస్తే పొట్టు ఊడని గింజలు మెరుస్తూ కనిపిస్తాయి. అవి ఎక్కువుంటే జల్లెడ పట్టి మళ్లీ మరకు పంపాలి. నూకలను విడిగా తీసి రవ్వగా అమ్ముకోవచ్చు.

ఇక ధర. క్వింటాలు కొర్రలు శుభ్రం చేసి ఆడిస్తే సుమారు 62 కిలోల బియ్యం వస్తుందనుకుందాం. కొర్రలు కిలో 35 రూపాయల చొప్పున 3,500, మర ఖర్చు 500. అంటే బియ్యం కిలోకు దాదాపు 65 రూపాయలు పడింది. సంచి, లేబుల్, అట్టపెట్టెకు 10, కొరియర్‌కు 50 కలిపితే 125. ఇంకా రైతు కష్టానికి ఒక్క రూపాయి కూడా వేసుకోలేదు. కొర్రల ధర 35 అని చూసి బియ్యాన్ని వందకు అమ్మినవారికి నష్టం ఇలాగే వస్తుంది. కొరియర్ వాళ్లు పెట్టె బరువును కూడా కలిపి తూచి, పై శ్లాబుకు లెక్కగడతారు. ఐదు కిలోల బియ్యం పెట్టెలో పెట్టగానే ఐదు దాటుతుంది. అరకిలో సంచులు తొమ్మిది పెడితే ఐదు లోపే ఉంటుంది.

లేబుల్ మీద సరుకు పేరు, సంచి బరువు తీసేసిన నికర బరువు, ప్యాక్ చేసిన తేదీ, ధర, చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. గడువు తేదీని ప్యాక్ చేసిన రోజు నుంచి కాకుండా పొట్టు తీసిన రోజు నుంచి లెక్కించడమే న్యాయం.

ఒక్క రైతుకు మర, మీటరు, ప్యాకింగ్ యంత్రం కొనే స్తోమత ఉండదు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ చొరవతో ఏర్పడిన ధరణి సహకార సంఘం సభ్యుల పంటను కొని, శుభ్రం చేసి, ఒకే పేరుతో నగరాలకు పంపుతోంది. నలుగురూ కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. కానీ నలుగురి గింజలూ ఒకే రాశిలో కలిస్తే తప్పు ఎవరి దగ్గర జరిగిందో తెలియదు. అందుకు ప్రతి సంచి మీద లాట్ నంబరు వేసి, ప్రతి లాట్ నుంచి అరకిలో మన దగ్గరే ఉంచుకోవాలి. వాసన వస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే మన సంచి విప్పి చూడవచ్చు. మనదీ వాసన వేస్తే, ఆ లాట్ కొన్న మిగతావారికి వాళ్లు అడగకముందే మనమే ఫోన్ చేయాలి.